ఎదురు బంతిలో వేయకండి

మా పెదనాన్నగారి సహస్ర చంద్ర దర్శనానికి భోజనాల ఏర్పాటు నా నెత్తిన పడింది. నలభై ఎనిమిది మంది, అరిటాకు భోజనం, రెండు బంతులు. వంటవాడితో బేరం అరగంటలో తేలింది. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది తేలడానికి మూడు సాయంత్రాలు పట్టింది.

చిక్కు ఇదీ. మా బాబాయిలిద్దరికీ పొలం గట్టు దగ్గర వచ్చిన తగాదా ఆరేళ్లుగా నడుస్తోంది. పెద్ద బాబాయికి, చిన్న మేనత్తకు కూడా మాటల్లేవు. చిన్న బాబాయి, చిన్న మేనత్త మాత్రం బాగానే ఉంటారు. వీళ్లు కాక ఎనభై ఆరేళ్ల పెద్ద మేనత్త. ఆవిడకు ఎడమ చెవి వినబడదు, మోకాళ్లు వంగవు.

ఒకరిని మొదటి బంతిలో, ఇంకొకరిని రెండో బంతిలో కూర్చోబెడితే పోలేదా అని అందరికీ తడుతుంది. అది కొత్త తగాదాకు దారి. తమ్ముడు తిని లేచాక తనను పిలిచారని అన్నగారు పదేళ్లు చెప్పుకుంటారు. ఇద్దరూ ఒకే బంతిలో తినాలి, కానీ ఒకరికొకరు కనబడకూడదు.

కాగితం మీద గీస్తే దారి దొరికింది. ఆరడుగుల బల్ల ఒక వైపున ముగ్గురికి సరిపోతుంది, అంటే ఆకుకు రెండడుగులు. నాలుగు బల్లలు వరసగా వేస్తే పన్నెండు మంది. దానికి ఎదురుగా ఇంకో వరస, మధ్యలో వడ్డించేవాళ్లు నడవడానికి ఆరడుగులు. ఈ అమరికలో మన కళ్లు ఎప్పుడూ ఎదురు వరస మీదే ఉంటాయి. మన వరసలోనే నాలుగైదు కుర్చీల అవతల ఉన్న మనిషి, తల వంచి పక్కకు తొంగిచూస్తే తప్ప కనబడడు. దూరంగా ఉంటుందని పడనివాళ్లను ఎదురెదురు వరసల్లో వేస్తాం చూడండి, అదే పెద్ద పొరపాటు. భోజనం అయ్యేదాకా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ముద్ద మింగాలి.

ముందు కదలలేని వాళ్లకు చోటు చూశాను. కుళాయి ఉన్న వైపున, మా వరసకు ఎడమ కొస ఒకటో కుర్చీ పెద్ద మేనత్తది. ఆ చోట ఆవిడకు ఎడమ పక్కన ఎవరూ ఉండరు, మాటలన్నీ వినబడే చెవి వైపు నుంచే వస్తాయి. లేవడానికి ఎవరినీ జరగమనక్కర్లేదు. చేతులున్న కుర్చీ వేశాం, వాటి మీద బరువు మోపి తనంతట తానే లేవగలదు. రెండో కుర్చీలో గట్టిగా మాట్లాడే మా అక్క.

పెదనాన్న, పెద్దమ్మ అదే వరస నడిమధ్యన, ఆరూ ఏడు కుర్చీల్లో. చిన్న బాబాయి మూడులో, పెద్ద బాబాయి పదిలో. ఎటు లెక్కపెట్టినా పెదనాన్న దంపతులకూ వాళ్లకూ మధ్య ఇద్దరే. ఈ లెక్క ఎవరూ చూడరనుకోకండి, మొదట చూసేది అదే. చిన్న మేనత్త ఎదురు వరసలో, చిన్న బాబాయికి సరిగ్గా ఎదురుగా. పెద్ద బాబాయికి ఆవిడ ఏటవాలుగా దూరంగా ఉంటుంది, మధ్యలో సాంబారు బకెట్లు తిరుగుతుంటాయి.

మధ్యలో కూర్చునే మనిషి ఎవరన్నది ఇంకో మెలిక. అల్లుణ్ణి అక్కడ వేయకూడదు, మర్యాద చేయాల్సిన మనిషిని అడ్డుగోడగా వాడుకున్నట్టు ఉంటుంది. పిల్లలైతే పప్పు కాగానే లేచి పోతారు, ఆ చోటు ఖాళీ. ఇద్దరితోనూ మాటలున్న, తిండి నెమ్మదిగా తినే మనిషి కావాలి. మాకు అలాంటివాళ్లు ఇద్దరు దొరికారు.

బంతిలో పేర్ల చీటీలు పెడితే నవ్వుతారు. అందుకని ఇద్దరు కుర్రాళ్లకు కాగితం ఇచ్చాను. మేనత్తను పది నిమిషాల ముందే కూర్చోబెట్టారు. తర్వాత “రండి బాబాయ్” అంటూ ఒకరు ఈ కొస నుంచి, ఇంకొకరు ఆ కొస నుంచి తీసుకొచ్చారు. నెయ్యి మొదలు పెరుగు దాకా ఒక్క మాట జారలేదు.

జారింది ఆ తర్వాత. పెదనాన్న లేవగానే బంతి మొత్తం లేచింది. ఇరవై నాలుగు మందికి ఒకే కుళాయి. ఎంగిలి చేతులతో అన్నదమ్ములిద్దరూ దాని ముందు భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డారు. “ముందు నువ్వు కడుక్కో, గట్టు జరిపినట్టు నన్ను జరపక్కర్లేదు” అన్నాడు పెద్ద బాబాయి. అంతే, పెరట్లో సగం మంది ఆగి విన్నారు.

మీరు ప్లాను గీసేటప్పుడు కుర్చీలతో ఆపకండి, కుళాయి కూడా గీయండి. వీలైతే రెండో కొసన ఒక డ్రమ్ము, చెంబు పెట్టించండి.