watt అంటే చిన్న w, గుర్తు మాత్రం పెద్ద W: ఎందుకిలా?

మీ ఫోన్ చార్జర్ పక్కనే ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పండి. సన్నటి అక్షరాల్లో 5 V, 2 A అని, కొన్నిటి మీద 10 W అని కూడా ఉంటుంది. అన్నీ కాపిటల్ లెటర్సే. అదే ఇంగ్లిష్ మీడియం ఫిజిక్స్ పుస్తకం తీస్తే volt, ampere, watt అని చిన్నక్షరాలతో కనిపిస్తాయి. వోల్టా, ఆంపియర్, వాట్ ముగ్గురూ మనుషులే. మనిషి పేరు కాపిటల్‌తో మొదలవ్వాలని మనకి ఒకటో క్లాసులోనే చెప్పారు. మరి పేరు పూర్తిగా రాస్తే చిన్నక్షరం, ఒక్క అక్షరం రాస్తే పెద్దక్షరం... ఇది తిరకాసుగా లేదూ?

తిరకాసు ఏమీ లేదండి. యూనిట్ పేరు వేరు, యూనిట్ గుర్తు వేరు. రెండూ రెండు వేర్వేరు చోట్లకి చెందినవి.

ముందు పేరు సంగతి చూద్దాం. "ఈ పెట్టెని తొయ్యడానికి 5 న్యూటన్లు కావాలి" అంటాం. ఐదుగురు న్యూటన్లు వచ్చి తొయ్యాలని కాదు కదా! ఐజాక్ న్యూటన్ ఒక్కడే. ఇక్కడ న్యూటన్ అనేది మనిషి పేరు కాదు, గజం, అడుగు లాంటి ఒక మామూలు నామవాచకం. అందుకే దానికి బహువచనం కూడా వచ్చింది. ఇంగ్లిష్‌లో మామూలు నామవాచకాలు చిన్నక్షరంతోనే మొదలవుతాయి కాబట్టి newton. మనిషి గురించి చెప్తే Newton. వాక్యం మొదట్లో వస్తే మాత్రం ఏ మాటకైనా కాపిటల్ తప్పదు.

అంటే ఇది సైన్సు పెట్టిన రూలు కాదు, ఇంగ్లిష్ వ్యాకరణం. జర్మన్‌లో నామవాచకాలన్నిటికీ కాపిటలే, కాబట్టి వాళ్లు Newton, Meter అనే రాస్తారు, అది వాళ్లకి కరెక్టే. మన తెలుగులో పెద్దక్షరం, చిన్నక్షరం అనే తేడానే లేదు, ఆ గొడవే లేదు.

గుర్తు అలా కాదు. అది ఏ భాషకీ చెందదు. జపాన్‌లో అమ్మిన చార్జర్ మీదా W, కర్నూలులో అమ్మిన దాని మీదా W. ఇది పొడి అక్షరం కూడా కాదు, అందుకే పక్కన చుక్క పెట్టరు, బహువచనానికి s చేర్చరు. 1948లో జరిగిన తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ దీనికి రూలు పెట్టింది: గుర్తులు మామూలుగా చిన్నక్షరాల్లో ఉండాలి, మనిషి పేరు నుంచి వచ్చినవైతే పెద్దక్షరం వాడాలి. రెండక్షరాల గుర్తులో మొదటిదే పెద్దది. హెర్ట్జ్ పేరు మీద Hz, పాస్కల్ పేరు మీద Pa.

గౌరవం సంగతి అటుంచితే, దీనివల్ల అసలు లాభం వేరే ఉంది. అక్షరాలు 26 మాత్రమే, యూనిట్లు బోలెడు. s అంటే సెకను, S అంటే సీమెన్స్. h అంటే గంట, H అంటే జోసెఫ్ హెన్రీ పేరు మీదున్న హెన్రీ. అందుకే పెద్దా చిన్నా తారుమారైతే అర్థమే మారిపోతుంది.

మీ బ్యాటరీనే తీసుకోండి. 5000 mAh. m అంటే మిల్లీ, వెయ్యో వంతు. A ఆంపియర్, మనిషి కాబట్టి పెద్దది. h గంట, మనిషి కాదు కాబట్టి చిన్నది. మొత్తం 5 ఆంపియర్-గంటలు. బ్యాటరీ వోల్టేజి 3.85 V అయితే 5ని 3.85తో గుణించండి, 19.25 Wh వస్తుంది. చాలా బ్యాటరీల మీద ఈ Wh అంకె కూడా ఉంటుంది, చూడండి. ఆన్‌లైన్‌లో కొందరు mAH అని రాస్తారు. రూలు ప్రకారం అది మిల్లీ ఆంపియర్-హెన్రీ, బ్యాటరీకి ఏ సంబంధమూ లేదు!

ఇంకా పెద్ద ప్రమాదం ముందున్న అక్షరంతో. 100 mW అంటే 100 మిల్లీవాట్లు, చిన్న ఎల్ఈడీ బల్బుకి సరిపోయే పవర్. 100 MW అంటే 100 మెగావాట్లు, ఒక పవర్ ప్లాంట్ సైజు. రెండిటికీ తేడా 100 కోట్ల రెట్లు. కొట్టు బోర్డు మీద Kg చూసి మనం అర్థం చేసుకుంటాం, నిజానికి కిలోకి చిన్న k, పెద్ద K కెల్విన్‌ది.

మినహాయింపులు లేవా అంటే ఉన్నాయి. ఓమ్‌కి O రాస్తే సున్నాలా కనిపిస్తుంది, అందుకే గ్రీకు అక్షరం Ω. లీటరు మనిషి పేరు కాదు, కాబట్టి l. కానీ అది అంకె 1లా ఉందని 1979లో L కూడా ఒప్పుకున్నారు. అంతకు ముందు ఏడాదే కెనడాలో ఒక కెమిస్ట్రీ పత్రిక, క్లాడ్ లీటర్ అనే సైంటిస్టు ఉండేవాడని సరదాకి ఒక జీవితచరిత్ర అల్లి వేసింది. దాన్ని నిజమని నమ్మినవాళ్లూ ఉన్నారు!

చివరిగా degree Celsius. పేరులో C పెద్దగా ఉందేంటి అంటారా? అక్కడ యూనిట్ degree, అది చిన్న dతోనే మొదలైంది. Celsius ఆ డిగ్రీ ఎవరిదో చెప్పే మనిషి పేరు.