మార్చి 4 నొక్కితే ఏప్రిల్ 3

హైదరాబాద్‌లోనూ డల్లాస్‌లోనూ ఉద్యోగులున్న ఒక కంపెనీ, దాని సెలవుల ఫారం ఉన్నాయనుకుందాం. తేదీ గడి మీద నొక్కితే చిన్న క్యాలెండర్ తెరుచుకుంటుంది. ఇద్దరు ఉద్యోగులు 2026 మార్చి 4నే నొక్కారు. ఒకరి సెలవు సరిగ్గా నమోదైంది, రెండోవారిది ఏప్రిల్ 3గా పడింది. నొక్కడంలో ఇద్దరి తప్పూ లేదు.

క్యాలెండర్‌లో రోజును ఎంచుకోగానే ప్రోగ్రామ్ చేతికి వచ్చేది ఏ సందేహానికీ తావులేని మార్చి 4. దాన్ని గడిలో చూపించడానికి అంకెలుగా రాసేటప్పుడు మాత్రం బ్రౌజర్ తన భాష సెట్టింగ్ చూసుకుంటుంది. అది English (India) అయితే 4/3/2026 అని, English (United States) అయితే అమెరికా అలవాటు ప్రకారం నెల ముందు పెట్టి 3/4/2026 అని రాస్తుంది. ఎవరికి అలవాటైన వరసలో వాళ్లకు చూపించడం మంచిదే. చిక్కంతా ఆ తర్వాత ఉంది. ప్రోగ్రామ్ రాసినవారు చేతిలో ఉన్న అసలు తేదీని వదిలేసి, గడిలో కనిపించే ఆ అంకెలనే మళ్లీ చదివి సర్వర్‌కు పంపుతారు:

```
const text = picked.toLocaleDateString();
const [d, m, y] = text.split("/");
```

మొదటి వరస బ్రౌజర్ ఇష్టప్రకారం రాస్తుంది. రెండోది మాత్రం ముందున్న అంకె రోజేనని గుడ్డిగా నమ్ముతుంది. అమెరికా సెట్టింగ్ ఉన్నచోట 3 రోజై, 4 నెలై కూర్చుంటుంది.

ఇది డల్లాస్ వాళ్లకే వచ్చే బాధ కాదు. మనిషి ఎక్కడున్నాడన్నది కాదు, బ్రౌజర్ ఏ భాషలో ఉందన్నదే లెక్క. మన ఊళ్లలోనూ కంప్యూటర్ కొన్నప్పటి అమెరికన్ ఇంగ్లిష్‌ను అలాగే ఉంచుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. కాబట్టి ఒకే గదిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరికి వచ్చి, ఇంకొకరికి రాకపోవచ్చు. ప్రోగ్రామర్ బ్రౌజర్ భారత సెట్టింగ్‌లో ఉంటే 'నా దగ్గర బాగానే ఉందే' అంటాడు. అది నిజమే కూడా.

ఈ తప్పు నెలలో మొదటి 12 రోజుల్లోనే గుట్టుగా సాగుతుంది, ఎందుకంటే 13 నుంచి ఆ అంకె నెల కాలేదు. మార్చి 25 నొక్కితే 3/25/2026 అవుతుంది. 25వ నెల లేదు గనక సర్వర్ తిప్పికొట్టవచ్చు. తిప్పికొడితే అదృష్టమే. ఎందుకంటే నెలను, రోజును విడివిడి అంకెలుగా ఇస్తే జావాస్క్రిప్ట్ 25వ నెలను కూడా కాదనదు, ముందుకు లెక్కపెట్టుకుంటూ పోయి 2028 జనవరి 3 దగ్గర ఆగుతుంది! ఇక మే 5, జూన్ 6 లాంటి రోజుల్లో తారుమారైనా తేడా ఉండదు. అలాంటివి ఏడాదికి 12. మొత్తమ్మీద అమెరికా సెట్టింగ్ ఉన్న మనిషికి ఏడాదిలో 132 తేదీలు చప్పుడు లేకుండా తప్పుగా నమోదవుతాయి. నెలాఖరున 'తేదీ తీసుకోవడం లేదు' అనీ, నెల మొదట్లో 'వేరే తేదీ పడింది' అనీ ఫిర్యాదులు వస్తే రెండూ ఒకే రోగమని చాలామందికి తట్టదు.

పరీక్షించాలంటే బ్రౌజర్ భాషను English (United States)కు మార్చి, మళ్లీ తెరిచి, మార్చి 4 లాంటి తేదీ నొక్కి సర్వర్‌లో ఏం పడిందో చూడాలి. తేడా సరిగ్గా ఒక్క రోజే ఉంటే అది ఈ రోగం కాదు, టైమ్ జోన్‌ది.

సరిచేయడానికి, చూపించే రాతను తిరిగి చదవడం మానేస్తే చాలు. అసలు తేదీలోంచే సంవత్సరం, నెల, రోజు విడివిడిగా తీసుకుని 2026-03-04 అనే వరసలో పంపాలి. ఈ ఐఎస్ఓ 8601 పద్ధతిని ఏ దేశపు సెట్టింగూ మార్చదు. బ్రౌజర్‌లోనే ఉన్న `<input type="date">` గడి కూడా తెరమీద ఎలా చూపించినా లోపల ఈ వరసనే ఇస్తుంది. అయితే తొందరపడి `toISOString()` వాడితే మాత్రం భారత కాలమానంలో మార్చి 4 అర్ధరాత్రి లండన్ లెక్కకు మారి `2026-03-03T18:30:00.000Z` అవుతుంది. నెల గొడవ తీరి రోజు గొడవ మొదలవుతుంది. తెరమీద కూడా '4 మార్చి 2026' అని నెల పేరుతో చూపిస్తే, పొరపాటు జరిగినా వాడేవారి కంట పడుతుంది.

ఈలోగా పాడైపోయిన పాత నమోదుల సంగతి వేరు. పట్టికలో 2026 ఏప్రిల్ 3 అని ఉంటే అది నిజంగా ఏప్రిల్ 3నా, తిరగబడిన మార్చి 4నా అన్నది ఆ తేదీని చూసి ఎవరూ చెప్పలేరు. ఫారం పంపినప్పటి బ్రౌజర్ భాషను సర్వర్ లాగ్‌లో దాచి ఉంటే కొంత ఆధారం దొరుకుతుంది. సెలవు ముగిసే తేదీ మొదలయ్యే తేదీకన్నా ముందుంటే అనుమానించవచ్చు. మిగతావాటికి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడగాల్సిందే.