షార్ట్ చేసినవాడి నష్టానికి హద్దేది?

2021 జనవరి 19న ఆండ్రూ లెఫ్ట్ అనే అమెరికన్ ట్రేడర్ ట్విటర్‌లో గేమ్‌స్టాప్ షేరు గురించి ఒక మాట రాశారు. ఆ ధరకు దాన్ని కొంటున్నవాళ్లు బోల్తా పడుతున్నారని, షేరు తొందర్లోనే 20 డాలర్లకు దిగొస్తుందని ఆ మాట సారాంశం. ఆ రోజు షేరు 39 డాలర్ల దగ్గర ముగిసింది. సిట్రాన్ రీసెర్చ్ పేరుతో ఆయన ఏళ్ల తరబడి చేస్తున్న పని ఇదే. ఏ కంపెనీ ధర దాని విలువను మించి ఉబ్బిపోయిందో వెతికి, దాన్ని షార్ట్ చేసి, అందుకు కారణాలేమిటో బయటికి చెప్తారు.

గేమ్‌స్టాప్ విషయంలో ఆయన వాదన తీసిపారేయాల్సింది కాదు. అది షాపింగ్ మాల్స్‌లో వీడియో గేమ్ డిస్కులు అమ్మే కంపెనీ. గేములాడేవాళ్లు డిస్కులు మానేసి డౌన్‌లోడ్‌లకు మారిపోతున్నారు. కంపెనీ నష్టాల్లో ఉంది, దుకాణాలు మూసేస్తోంది. అయితే జనవరి 11న ర్యాన్ కోహెన్ అనే ఆన్‌లైన్ వ్యాపార దిట్ట బోర్డులో చేరుతున్నట్టు ప్రకటన వచ్చింది. ఇంటర్నెట్‌లో ఒకరినొకరు ఎగదోసుకుంటున్న చిన్న మదుపరులు ఎగబడి కొన్నారు. వారం కిందట 20 డాలర్లున్న షేరు దాదాపు రెట్టింపైంది. అంత పెరిగాక షార్ట్ చేయడం తేలిక అనిపించడం సహజమే.

షార్ట్ చేయడమంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పక్క రైతు దగ్గర పది బస్తాల మిర్చి బదులు తెచ్చి, ఇవాళ్టి ధరకు యార్డులో అమ్మేశారనుకోండి. ధర పడ్డాక పది బస్తాలు కొని తిరిగిచ్చేస్తే తేడా మీకు మిగులుతుంది. ధర పెరిగితే ఆ పెరిగిన ధరకే కొని ఇవ్వాలి, ఎందుకంటే మీరు బాకీపడింది డబ్బు కాదు, సరుకు. షేర్లలోనూ ఇంతే. బ్రోకరు ద్వారా షేర్లు అరువు తెచ్చి అమ్ముతారు, తర్వాత కొని తిరిగిస్తారు. ఈ మధ్యకాలంలో అరువుకు రుసుము కట్టాలి, బ్రోకరు దగ్గర మార్జిన్ సొమ్ము ఉంచాలి. ధర పెరిగేకొద్దీ బ్రోకరు ఇంకా మార్జిన్ తెమ్మంటాడు. తేలేకపోతే మనల్ని అడక్కుండానే షేర్లు కొని లెక్క ముగిస్తాడు.

లెఫ్ట్ మాట బయటికొచ్చిన మూడు రోజులకు, జనవరి 22న, షేరు 65 డాలర్ల వద్ద ముగిసింది. 26న 148. మర్నాడు 347. జనవరి 28న ఒక దశలో 483 డాలర్లు పలికింది. తన పొజిషన్‌లో ఎక్కువ భాగాన్ని 90 డాలర్ల పైచిలుకు ధరలో, నూరు శాతం నష్టంతో వదిలించుకున్నానని లెఫ్ట్ 27న స్వయంగా చెప్పారు. షార్ట్‌లో నూరు శాతం నష్టమంటే, పెట్టిన పొజిషన్ ఎంతో పోయిన సొమ్మూ అంతే. షేరు కొన్నవాడికి ఇదే ఆఖరి మెట్టు. షార్ట్ చేసినవాడికి ఇది మధ్యలో ఒక మెట్టు మాత్రమే.

అదే షేరును షార్ట్ చేసిన మెల్విన్ క్యాపిటల్ అనే ఫండ్‌కు ఆ నెల మరీ దారుణంగా గడిచింది. దాన్ని నడిపిన గేబ్ ప్లాట్‌కిన్ వాల్‌స్ట్రీట్‌లో పేరున్న మదుపరి. 2014లో ఫండ్ మొదలైనప్పటి నుంచీ ఆయనకు గేమ్‌స్టాప్ మీద షార్ట్ ఉంది, అన్నేళ్లూ అది లాభాలే ఇచ్చింది. 2021 జనవరి ఒక్క నెలలో ఫండ్ 53 శాతం కోల్పోయింది. వేరే రెండు సంస్థలు 275 కోట్ల డాలర్లు తెచ్చి పెట్టాల్సి వచ్చింది. మెల్విన్ ఆ తర్వాత కోలుకోలేదు. 2022లో మూతపడింది.

ఇద్దరూ ఒకే షేరును షార్ట్ చేశారు, ఇద్దరూ నష్టపోయారు. ఒకరు దెబ్బ తిని లేచారు, మరొకరి సంస్థ లేవలేకపోయింది. దీని వెనకున్న లెక్కను చిన్న అంకెలతో చూద్దాం.

ఒక ట్రేడర్ దగ్గర పది లక్షల డాలర్లున్నాయి అనుకుందాం. 40 డాలర్ల ధరలో వెయ్యి షేర్లు షార్ట్ చేశాడు. పొజిషన్ విలువ 40 వేలు, అంటే మొత్తం మూలధనంలో 4 శాతం. చూడటానికి చిన్నదే. షేరు 90కి వెళ్లినప్పుడు నష్టం 50 వేలు, మూలధనంలో 5 శాతం. బాధే గాని భరించగలిగేదే. ఇక్కడ బయటికి రాకుండా పట్టుపట్టి కూర్చుంటే? 347 దగ్గర నష్టం 3,07,000. చేతిలో మిగిలేది 6,93,000. తిరిగి ఇవ్వాల్సిన షేర్ల విలువ మాత్రం 3,47,000. నాలుగు శాతంతో మొదలైన పొజిషన్ ఇప్పుడు మిగిలిన మూలధనంలో సగమైంది. అతను కొత్తగా ఒక్క షేరు కూడా అమ్మలేదు.

కొన్న షేరుకూ షార్ట్ చేసిన షేరుకూ అసలు తేడా ఇక్కడే ఉంది. కొన్న షేరు పడిపోతే పొజిషన్ దానంతటదే కుంచించుకుపోతుంది. 4 శాతం 2 అవుతుంది, 1 అవుతుంది, చివరికి సున్నా అవుతుంది. మీరు నిద్రపోయినా నష్టం 4 శాతం దాటదు. షార్ట్ ఎదురు తిరిగితే పొజిషన్ పెరుగుతూ పోతుంది. తప్పు పెద్దదయ్యేకొద్దీ దాని మీద మీ పందెమూ పెద్దదవుతుంది. అందుకే నష్టపోతున్న షార్ట్‌ను అలాగే వదిలేయడమంటే, ఆ షేరు మీద రోజురోజుకూ పందెం పెంచుకుంటూ పోవడమే.

దీనికి తోడు స్క్వీజ్. గేమ్‌స్టాప్‌లో మార్కెట్‌లో తిరిగే షేర్ల సంఖ్య కన్నా షార్ట్ చేసిన షేర్ల సంఖ్యే ఎక్కువ. అరువు తెచ్చి అమ్మిన షేరును కొన్నవాడి ఖాతా నుంచి మరొకరు మళ్లీ అరువు తీసుకోవచ్చు కాబట్టి ఇది సాధ్యమే. అంతమంది బయటపడాలంటే అందరూ కొనాల్సిందే. ఒకరు మార్జిన్ తేలేక కొంటే ధర పెరుగుతుంది, ఆ పెరుగుదలే పక్కవాడిని కొనేలా చేస్తుంది. అయితే మొత్తం పాపం స్క్వీజ్‌దే అనడం సరికాదు. అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ సెక్ సిబ్బంది 2021 అక్టోబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం, మొత్తం కొనుగోళ్లలో షార్ట్ చేసినవాళ్ల వాటా తక్కువే. ధరను వారాల తరబడి నిలబెట్టింది మామూలు మదుపరుల ఉత్సాహమే. షార్ట్ చేసేవాడు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది. తోటి షార్టర్లంతా బయటికి పోయినంత మాత్రాన ధర దిగిరాదు.

మరి లెఫ్ట్ అంచనా తప్పా? ఫిబ్రవరి 19కి షేరు మళ్లీ 40 డాలర్ల ఆసుపాసుల్లోకి వచ్చింది. సరిగ్గా నెల తిరిగేసరికి బయల్దేరిన చోటికే చేరిందన్నమాట. కానీ మధ్యలో 483 ఉంది. ఆ నెల రోజులు మార్జిన్ కట్టుకుంటూ నిలబడగలిగినవాళ్లకే ఫిబ్రవరి ధర అందుబాటులో ఉంది. మిగతావాళ్లు అప్పటికే పెద్ద ధరకు కొని బయటపడ్డారు. పైగా మార్చిలో షేరు మళ్లీ 200 దాటింది. కంపెనీ మీద అభిప్రాయం ఎంత సరైనదైనా, అది నిజమయ్యేదాకా బతికి ఉండటం వేరే లెక్క. ఆ లెక్క పేరే రిస్క్ పరిమితి.

చాలామంది ఈ పరిమితిని స్టాప్‌లాస్‌తో సరిపెడతారు. పై ట్రేడర్ ఒక్క ట్రేడ్‌లో 2 శాతం, అంటే 20 వేల డాలర్లు మించి పోగొట్టుకోకూడదని నియమం పెట్టుకున్నాడు అనుకుందాం. 40 దగ్గర షార్ట్ చేసి 60 దగ్గర స్టాప్ పెడితే షేరుకు నష్టం 20 డాలర్లు. కాబట్టి వెయ్యి షేర్లు అమ్మొచ్చని లెక్క తేలుతుంది. ఇందులో ఒక ఊహ దాగి ఉంది. ధర 60 మీదుగా నెమ్మదిగా నడిచి వెళ్తుందని, అక్కడ మనకు అమ్మేవాడు దొరుకుతాడని. జనవరి 26న గేమ్‌స్టాప్ 148 దగ్గర ముగిసి, మర్నాడు 354 దగ్గర తెరుచుకుంది. 200 దగ్గర స్టాప్ పెట్టుకుని పడుకున్నవాడికి 200 ధర అసలు కంటికి కనిపించలేదు.

అందుకే రెండో లెక్క కూడా వేయాలి. షేరు పదింతలై 400కి వెళ్తే? షేరుకు నష్టం 360 డాలర్లు. అదే 20 వేల పరిమితికి లోబడాలంటే 55 షేర్లకు మించి అమ్మకూడదు. ఒకే నియమం ఒక లెక్కలో వెయ్యి షేర్లకు, మరో లెక్కలో 55 షేర్లకు అనుమతిస్తోంది. మామూలు షేరుకు మొదటి లెక్క చాలు. ఇప్పటికే జనం ఎగబడుతూ, షార్టర్లు కిక్కిరిసి, అరువు రుసుము రోజురోజుకూ పెరుగుతున్న షేరుకు రెండో లెక్కే దిక్కు. 55 షేర్ల లాభం కంటికి ఆననిదిగా కనిపిస్తే, ఆ ట్రేడ్ మనది కాదని అర్థం. తప్పదనుకుంటే పుట్ ఆప్షన్ కొనే దారి ఉంది. అక్కడ పోయేది కట్టిన ప్రీమియం వరకే. కాకపోతే వేడి మీదున్న షేరుకు ఆ ప్రీమియం కూడా మండిపోతూ ఉంటుంది.

ఈ పాఠం నేర్చుకున్నట్టు ఇద్దరి మాటల్లోనూ కనిపించింది. 2021 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు మాట్లాడిన ప్లాట్‌కిన్, అంతమంది ఒకే షేరును షార్ట్ చేసే పరిస్థితి ఇక ఉండబోదని, తాము కూడా మారతామని చెప్పారు. లెఫ్ట్ 2021 జనవరి చివర్లో షార్ట్ నివేదికలు రాయడమే మానేశారు. 2024 మేలో గేమ్‌స్టాప్ మళ్లీ ఎగిసినప్పుడు ఆయన మళ్లీ షార్ట్ చేశారు. ఈసారి కంపెనీయే కొత్త షేర్లు అమ్మి వందల కోట్ల డాలర్లు కూడబెట్టుకుంది. జూన్‌లో ఆయన పొజిషన్ మూసేశారు. కంపెనీ బాగుపడుతుందన్న నమ్మకంతో కాదని, అంత నగదు చేతిలో ఉన్న కంపెనీ మీద, మార్కెట్ పిచ్చిని గౌరవిస్తూ తప్పుకుంటున్నానని ప్రకటించారు. వేరే షేర్ల మీద తన వ్యాఖ్యలతో మదుపరులను తప్పుదారి పట్టించారంటూ ఆ జూలైలో ప్రభుత్వం ఆయన మీద కేసు పెట్టింది, ఆయన ఆ ఆరోపణలను ఖండించారు. అది వేరే సంగతి. పరిమితి విషయంలో మాత్రం 2024 నిర్ణయం గమనించదగ్గది. అభిప్రాయం మారలేదు, పరిస్థితి మారింది, అందుకని బయటికొచ్చారు.

మన మార్కెట్‌లో నగదు విభాగంలో చిన్న మదుపరి చేసే షార్ట్ సాధారణంగా ఆ రోజుకే పరిమితం. సాయంత్రంలోపు తిరిగి కొనేయాలి. కాబట్టి ఇవన్నీ మనకెందుకు అనిపించవచ్చు. కానీ ఉదయం షార్ట్ చేసిన చిన్న షేరు మధ్యాహ్నానికి అప్పర్ సర్క్యూట్‌లో ఇరుక్కుంటే కొందామన్నా అమ్మేవాడు ఉండడు. డెలివరీ ఇవ్వలేని ఆ షేర్లు ఎక్స్చేంజ్ వేలానికి వెళ్తాయి. అక్కడ పలికిన ధరా, దాని మీద పడే జరిమానా అమ్మినవాడే భరించాలి. అక్కడా స్టాప్‌లాస్ పనిచేయదు. బటన్ నొక్కే ముందు ఒకే ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఈ షేరు ఇవాళ నన్ను బయటికి రానివ్వకపోతే, అత్యంత చెడ్డ ధరకు నా జేబులోంచి పోయేదెంత? ఆ అంకె ముందే కాగితం మీద రాసుకుని, అది తట్టుకోగలిగినంత చిన్నదయ్యేదాకా షేర్ల సంఖ్య తగ్గించుకోవాలి. ధర ఎగురుతున్నప్పుడు ఆ లెక్క వేయడం ఎవరి వల్లా కాదు.