112 ముక్కలకు ఒకే రంగు: అడ్జస్ట్‌మెంట్ లేయర్ ఎక్కడ, నెస్ట్ ఎక్కడ?

నికా, వలీమా వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు చివర్లో వచ్చే కష్టం దాదాపు ఒకటే. కటింగ్ అయిపోతుంది, పాట కుదురుతుంది, ఇంటివాళ్లకు చూపిస్తారు. అప్పుడు దుల్హా తండ్రి అంటాడు: "భయ్యా, అంతా బాగుంది గానీ బొమ్మ పసుపు కొడుతోంది. షేర్వానీ తెల్లగా కనిపించాలి కదా!" మాట చిన్నదే. కానీ టైమ్‌లైన్ మీద 112 ముక్కలు ఉండి, రంగు ఒక్కో ముక్క మీద విడివిడిగా వేసి ఉంటే, ఆ ఒక్క మాటకు రాత్రంతా పోతుంది. పొద్దున డెలివరీ ఉంటే ఇక చెప్పేదేముంది?

ఈ కష్టం తప్పించడానికి ప్రీమియర్ ప్రోలో రెండు సాధనాలు ఉన్నాయి. ఒకటి అడ్జస్ట్‌మెంట్ లేయర్, రెండోది నెస్ట్. చాలామంది రెండింటి పేర్లూ విన్నారు, ఏదో ఒకటి వాడుతుంటారు. కానీ ఏది ఎక్కడ వాడాలన్నది తేలకపోతే పని తగ్గదు, పెరుగుతుంది. గుర్తు పెట్టుకోవాల్సిన లెక్క ఇది: కెమెరాకు సంబంధించిన తేడాను నెస్ట్ లోపల సరిచేయాలి, మొత్తం సినిమాకు కావాల్సిన రంగును పైన అడ్జస్ట్‌మెంట్ లేయర్ మీద వేయాలి.

రెండింటికీ తేడా ఏంటి?

అడ్జస్ట్‌మెంట్ లేయర్ అంటే బొమ్మ లేని ఖాళీ క్లిప్. కిటికీకి రంగు కాగితం అతికిస్తే బయట ఉన్నదంతా ఆ రంగులో కనిపించినట్టు, ఈ లేయర్ మీద వేసిన ఎఫెక్ట్ దాని కింది ట్రాకుల్లో ఉన్న అన్నిటి మీదా పడుతుంది. అది పరుచుకున్నంత సేపే పడుతుంది, దాని పైన ఉన్న ట్రాకుల మీద పడదు. కింద క్లిప్పులు కోసినా, మార్చినా దానికి సంబంధం లేదు. ప్రీమియర్ ప్రోలోకి ఇది 2012లో సీఎస్6తో వచ్చింది.

నెస్ట్ అంటే మూట. కొన్ని క్లిప్పులను ఎంచుకుని రైట్ క్లిక్ చేసి Nest... నొక్కితే అవి ఒక సీక్వెన్సులోకి వెళ్లిపోతాయి, బయట టైమ్‌లైన్ మీద ఒకే క్లిప్ కనిపిస్తుంది. డబుల్ క్లిక్ చేస్తే మూట విప్పుకుంటుంది. లోపల మార్చింది బయట వెంటనే కనిపిస్తుంది. అదే మూటను నాలుగు చోట్ల పెడితే నాలుగు చోట్లా మారుతుంది.

ఒక పెళ్లి వీడియో తీసుకుందాం

ఫంక్షన్ హాల్లో రెండు కెమెరాలు ఉన్నాయనుకుందాం. మొదటిది స్టేజీ ముందు, పసుపు బల్బుల వెలుగులో. రెండోది పక్కన, ఎల్ఈడీ వెలుగులో, కాస్త నీలంగా. రెండూ మార్చి మార్చి కోస్తే 112 ముక్కలయ్యాయి. ఇప్పుడు పైన ఒకే అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేసి పసుపు తగ్గిస్తే ఏమవుతుంది? మొదటి కెమెరా బాగుపడుతుంది, రెండో కెమెరా ఇంకా నీలమవుతుంది. కట్ పడిన ప్రతిసారీ మొహాల రంగు మారుతుంది. లేయర్‌కు కింద ఏ కెమెరా ఉందో తెలియదు, అన్నిటికీ ఒకటే మందు వేస్తుంది. అందుకే ముందు రెండు కెమెరాలను సమానం చేయాలి.

ఇక్కడ పనికొచ్చే నెస్ట్ మల్టీకామ్. కోయడానికి ముందే రెండు కెమెరాల ఫైళ్లను ప్రాజెక్ట్ ప్యానెల్లో ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి Create Multi-Camera Source Sequence... నొక్కండి. Audio ఎంచుకుంటే మైకులో పడిన శబ్దాన్ని బట్టి రెండు కెమెరాలనూ అదే కలుపుతుంది. తయారైనది నిజానికి ఒక నెస్టే. లోపల ఒక్కో కెమెరా ఫైళ్లన్నీ ఒక్కో ట్రాకులోనే ఉండేలా చూసుకోండి. దాన్ని టైమ్‌లైన్ మీదకు తెచ్చి, ప్లే చేస్తూ 1, 2 అంకెలు నొక్కి కెమెరాలు మార్చుకుంటూ కోస్తారు.

కోయడం అయ్యాక కంట్రోల్ పట్టుకుని ఏదో ఒక ముక్క మీద డబుల్ క్లిక్ చేయండి. మూట తెరుచుకుంటుంది. బయట 112 ముక్కలున్నా లోపల మొదటి కెమెరావి మూడు పెద్ద ఫైళ్లు, రెండో కెమెరావి నాలుగు మాత్రమే ఉంటాయి. మొదటి కెమెరా ఫైలు ఒకదాని మీద Lumetri Color వేసి, Basic Correction లో Temperature ను నీలం వైపు జరపండి. Lumetri Scopes లో Parade (RGB) తెరిచి పెట్టుకోండి. ఫ్రేములో నిజంగా తెల్లగా ఉన్న వస్తువు, అంటే టేబుల్ క్లాత్ గానీ తెల్ల టోపీ గానీ ఉన్నచోట ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ దాదాపు ఒకే ఎత్తుకు రావాలి. షేర్వానీని కొలతగా పెట్టుకోవద్దు. చాలా షేర్వానీలు పాల మీగడ రంగులో ఉంటాయి, వాటిని పూర్తి తెలుపు చేస్తే మొహాలు నీలమైపోతాయి.

ఒక ఫైలు కుదిరాక దాన్ని కాపీ చేసి, అదే కెమెరా మిగతా ఫైళ్ల మీద కంట్రోల్, ఆల్ట్, వీ నొక్కి అవే సెట్టింగులు అతికించండి. రెండో కెమెరాకూ ఇలాగే. మొత్తం ఏడు ఫైళ్ల పని. బయటికి వచ్చి చూస్తే 112 ముక్కలూ సమానమై ఉంటాయి.

ఒక జాగ్రత్త. ఈ మల్టీకామ్ మూట లోపల అడ్జస్ట్‌మెంట్ లేయర్ వేయకండి. అక్కడ ఒక్కో ట్రాక్ ఒక్కో కెమెరా కింద లెక్క కాబట్టి, లేయర్ కూడా మూడో కెమెరాగా లెక్కలోకి వస్తుంది, కింది వాటిని మార్చదు.

మల్టీకామ్ వాడకుండానే కోసేశాం అంటారా? అప్పుడు ఒక ముక్కను ఎంచుకుని Effect Controls పైభాగంలో ఉన్న Source ట్యాబ్‌లోకి వెళ్లి అక్కడ Lumetri వేయండి. ఆ ఫైలు నుంచి వచ్చిన ముక్కలన్నీ కలిసి మారతాయి.

ఇప్పుడు పైన లేయర్

కెమెరాలు సమానమయ్యాక లుక్ సంగతి. File మెనూలో New, అందులో Adjustment Layer నొక్కండి. సైజు సీక్వెన్సుదే వస్తుంది, మార్చకుండా OK చేయండి. తయారైన లేయర్ సాధారణంగా 5 సెకన్లే ఉంటుంది. దాన్ని V3 మీద పెట్టి, చివర పట్టుకుని సినిమా చివరిదాకా లాగండి. దాని మీద Lumetri వేసి మీకు కావాల్సిన లుక్ ఇవ్వండి. ఎక్కువైందనిపిస్తే స్లైడర్లన్నీ కదపక్కర్లేదు, లేయర్ Opacity ని 100 నుంచి 60కి తగ్గిస్తే లుక్ కూడా అంత మేర పలచబడుతుంది.

బరాత్ బయట జరిగింది, నికా లోపల జరిగింది, రెండింటికీ ఒకే లుక్ కుదరలేదు. అప్పుడు సీన్ మారేచోట లేయర్‌ను రేజర్‌తో కోయండి. రెండు ముక్కలూ వేర్వేరుగా మారతాయి. అంటే 112కు బదులు రెండు చోట్ల పని.

దుల్హా తండ్రి "ఇంకొంచెం తెలుపు" అన్నప్పుడు ఇప్పుడు మీ దగ్గర ప్రశ్న ఒకటే: ఒక కెమెరా షాట్లే పసుపుగా ఉన్నాయా, సినిమా అంతా పసుపుగా ఉందా? V3 పక్కనున్న కన్ను గుర్తు నొక్కి లేయర్ ఆపి చూడండి. ఆపితే పసుపు పోయిందంటే తప్పు లుక్‌లో ఉంది, లేయర్ మీద సరిచేయండి. ఆపినా ఉందంటే తప్పు మూట లోపల ఉంది. రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఎక్కడ తప్పు జరుగుతుంది?

మొదటిది పేర్లు. దుల్హా దుల్హన్ పేర్లు V2లో పెట్టి లేయర్ V3లో ఉంటే తెల్ల అక్షరాలకు కూడా ఆ రంగు అంటుకుంటుంది. పేర్లు, స్టూడియో లోగో ఎప్పుడూ లేయర్‌కు పైన, V4లో ఉండాలి.

రెండోది మధ్యలో ఇరికించిన షాట్. ఇంటివాళ్లు "మా చాచా షాట్ పెట్టలేదు" అంటారు. మీరు ఇన్సర్ట్ చేస్తారు. ఇన్సర్ట్ చేసినప్పుడు మామూలుగా పై ట్రాకులు కూడా అక్కడ తెగి జరుగుతాయి, లేయర్ కూడా తెగుతుంది. చాచా షాట్ మీద లేయర్ ఉండదు, ఆ ఒక్క షాట్ లుక్ లేకుండా పాలిపోయి కనిపిస్తుంది. V3లో ఖాళీ ఎక్కడైనా ఉందేమో ఎక్స్‌పోర్ట్‌కు ముందు ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చూడండి. ఖాళీ ఉంటే పక్క ముక్కను లాగి మూయండి.

మూడోది జూమ్. కింది బొమ్మ మొత్తాన్ని పెద్దది చేయాలని లేయర్ మీద Motion లో Scale పెంచితే ఏమీ జరగదు, తగ్గిస్తే లుక్ మధ్యలో చిన్న పెట్టెకే పరిమితమవుతుంది. అక్కడ Scale మారేది లేయర్ కాగితానికే. కింది బొమ్మ కదలాలంటే లేయర్ మీద Transform అనే ఎఫెక్ట్ వేసి అందులో Scale మార్చాలి.

నాలుగోది కన్ను గుర్తు. సిస్టమ్ నిదానంగా ఉంటే కటింగ్ చేసేటప్పుడు V3ని ఆపి పని చేసుకోవచ్చు, ప్లే తేలికవుతుంది. కానీ తిరిగి ఆన్ చేయకుండా ఎక్స్‌పోర్ట్ చేస్తే లుక్ లేకుండానే ఫైలు వస్తుంది.

నెస్ట్‌కు ఉన్న హద్దులు

పొడుగు విషయంలో మూట దానంతట అది సర్దుకోదు. లోపల క్లిప్పులు పెంచితే బయట ముక్క పెరగదు. లోపల తగ్గిస్తే బయట చివర్లో నల్లగా వస్తుంది. అందుకే మామూలు నెస్ట్ చేసేది కటింగ్ ఖాయమయ్యాకే మంచిది. ఒక మూట కాపీలో మాత్రమే మార్పు కావాలంటే, ప్రాజెక్ట్ ప్యానెల్లో ఆ సీక్వెన్సును డూప్లికేట్ చేసి దాన్ని వాడాలి. లేకపోతే అన్ని చోట్లా మారిపోతుంది.

ఇంకో హద్దు రిజల్యూషన్. ఇప్పుడు అందరూ స్టేటస్ కోసం నిలువు వీడియో కూడా అడుగుతున్నారు. 1080×1920 సీక్వెన్స్ తీసుకుని పూర్తయిన సినిమాను అందులోకి నెస్టుగా లాగితే రంగులు మళ్లీ చేయక్కర్లేదు, అసలు సినిమాలో మార్చింది ఇక్కడా వచ్చేస్తుంది. కానీ అసలు సీక్వెన్స్ 1920×1080 అయితే ఎత్తు నిండడానికి దాదాపు 178 శాతం పెంచాలి, బొమ్మ మెత్తబడుతుంది. లోపల 4కే ఫైళ్లున్నా లాభం లేదు, మూట బయటికి ఇచ్చేది తన సైజు బొమ్మనే. నిలువు వీడియో కావాలని ముందే తెలిస్తే సినిమాను 3840×2160 సీక్వెన్సులో కోయండి. అప్పుడు 89 శాతానికే ఎత్తు నిండుతుంది. అయితే వెడల్పులో మూడో వంతు కూడా కనిపించదు కాబట్టి పేర్లు తెగిపోతాయి. నెస్ట్ చేసేముందు సినిమా సీక్వెన్సును డూప్లికేట్ చేసి V4 పేర్లు తీసేసి, ఆ కాపీని నిలువు సీక్వెన్సులో పెట్టి, పేర్లు కొత్తగా రాయండి. కాపీ చేశాక అసలు సినిమాలో పైన మార్చిన లుక్ ఇక్కడికి రాదు, మల్టీకామ్ మూట లోపల చేసినది మాత్రం వస్తుంది. కాబట్టి ఈ పని లుక్ ఖాయమయ్యాకే పెట్టుకోండి.

డావిన్చి రిజాల్వ్ వాడేవాళ్లకు కూడా లెక్క ఇదే, పేర్లే వేరు. అక్కడ లేయర్‌ను Adjustment Clip అంటారు, మూటను Compound Clip అంటారు. ఏ సాఫ్ట్‌వేర్ అయినా, ఎఫెక్ట్ వేసేముందు ఇది కెమెరా తేడానా, సినిమా లుక్కా అని ఒకసారి అడుగుకోండి. కెమెరాది లోపలికి, సినిమాది పైకి.