వెనక్కి నడిచే లెక్క

న్యూరల్ నెట్‌వర్క్ తప్పు జవాబు చెబితే, ఆ తప్పులో ఏ వెయిట్ వాటా ఎంతో తేల్చేది బ్యాక్‌ప్రాపగేషన్. ఇంటర్‌లో అవకలనాలు చదివిన ఎవరైనా దాన్ని ఒక కాగితం మీద చేసి చూడవచ్చని మీకు తెలుసా? ఇన్‌పుట్ ఒకటి, మధ్యలో సిగ్మాయిడ్ న్యూరాన్ ఒకటి, అవుట్‌పుట్ ఒకటి ఉంటే చాలు.

ఇన్‌పుట్ 2, మొదటి వెయిట్ 1, బయాస్ -2 అనుకుందాం. మొత్తం సున్నా అవుతుంది కాబట్టి సిగ్మాయిడ్ 0.5 ఇస్తుంది. దాన్ని రెండో వెయిట్ 4తో గుణిస్తే జవాబు 2. రావలసింది 1. తేడా వర్గంలో సగాన్ని నష్టంగా తీసుకుంటే అది 0.5.

ఇక చివరి నుంచి వెనక్కి రండి. జవాబు దగ్గర నష్టం వాలు, అంటే తేడాయే, 1. దాన్ని మధ్య న్యూరాన్ విలువ 0.5తో గుణిస్తే రెండో వెయిట్ గ్రేడియంట్ 0.5 వచ్చేసింది. అదే 1ని రెండో వెయిట్ 4తో గుణించి న్యూరాన్‌కు పంపితే 4 చేరుతుంది. సున్నా దగ్గర సిగ్మాయిడ్ వాలు 0.25 కాబట్టి, న్యూరాన్ దాటేసరికి అది 1 అవుతుంది. దాన్ని ఇన్‌పుట్ 2తో గుణిస్తే మొదటి వెయిట్ గ్రేడియంట్ 2. చైన్ రూల్ అంటే ఇక్కడ ఈ గుణకారాలే. ముందుకు వెళ్లేటప్పుడు వచ్చిన 0.5 లాంటి విలువలను దాచుకోకపోతే మాత్రం వెనక్కి రాలేం.

రెండో వెయిట్ సున్నా అయితే? న్యూరాన్‌కు చేరేది సున్నాయే. ఆ అడుగులో మొదటి వెయిట్ కదలదు.

సిగ్మాయిడ్ వాలు ఎక్కడా 0.25 దాటదు. అలాంటి పొరలు పది ఉంటే, వాలుల లబ్ధమే పది లక్షల్లో ఒక వంతు కన్నా తక్కువ. వెయిట్లు పెద్దవి కాకపోతే తొలి పొరలు దాదాపు నేర్చుకోవు.

ఈ వెనక్కి లెక్క నెట్‌వర్క్‌ల కోసం పుట్టింది కాదు. ఫిన్లాండ్‌కు చెందిన సెప్పో లిన్నైన్మా 1970లో తన మాస్టర్స్ థీసిస్‌లో, కంప్యూటర్ లెక్కల్లో పేరుకునే రౌండింగ్ దోషాలను కొలవడానికి దీన్ని రాశాడు. దీన్ని నెట్‌వర్క్‌లకు వాడి చూపిన రుమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్‌ల ప్రసిద్ధ వ్యాసం ‘నేచర్’లో వచ్చింది 1986లో.

సొంతంగా కోడ్ రాసేవాళ్లు తరచూ చేసే తప్పు ఒకటుంది. రెండో వెయిట్‌ను ముందే సవరించి, ఆ కొత్త విలువతో వెనక్కి వెళతారు. లెర్నింగ్ రేట్ 0.1 అయితే 4 కాస్తా 3.95 అవుతుంది, మొదటి వెయిట్ గ్రేడియంట్ 2కు బదులు 1.975 వస్తుంది. నష్టం అప్పటికీ తగ్గుతూనే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. దాన్ని పట్టుకోవాలంటే మొదటి వెయిట్‌ను 1.01 చేసి ఒకసారి, 0.99 చేసి ఒకసారి నష్టం చూడాలి. 0.5202, 0.4802 వస్తాయి. తేడా 0.04ను 0.02తో భాగిస్తే 2. ప్రతి వెయిట్‌కూ ఇలా రెండుసార్లు నెట్‌వర్క్‌ను నడపాలి కాబట్టి, ఈ పరీక్షను చిన్న నెట్‌వర్క్ మీదే చేసి, తర్వాత తీసేస్తారు.