పచ్చళ్ల కొట్టు ఏడాది లెక్క

పచ్చళ్లు, పొడులు, పిండివంటలు అమ్మే చిన్న కొట్టును తీసుకుని ఏ నెల బాగా నడిచింది, ఏ నెల దెబ్బతీసింది అని అడిగితే, యజమాని తడుముకోకుండా చెప్పేస్తాడు. జనవరి బంగారం, మే నెల గండం. సంక్రాంతికి కొట్టు ముందు జనం నిలబడతారు. మే నెలలో మామిడికాయలకీ, కారానికీ, ఆవపిండికీ, నువ్వుల నూనెకీ డబ్బు పోతూనే ఉంటుంది, గల్లా పెట్టెలోకి వచ్చేది తక్కువ. ఈ జవాబును కాగితం మీద పెట్టి సరిచూస్తే చాలాసార్లు తలకిందులవుతుంది. మార్చి నెలాఖరున కూర్చుని ఏడాది లెక్క చూసుకోవడంలో అసలు పని ఈ సరిచూడటమే.

గోదావరి జిల్లాలో ఒక కొట్టును ఊహించుకుందాం. భార్యాభర్తలు, నెలజీతం మీద ముగ్గురు పనివాళ్లు, రెండు పెద్ద పొయ్యిలు. ఏడాదికి 19 లక్షల అమ్మకం. జీతాలూ అద్దే కలిపి నెలకు 48 వేలు. అంకెలు నేను కల్పించినవే అయినా, ఇలాంటి కొట్ల పద్ధతికి దూరమైనవి కావు.

మే నెలలో ఈ కొట్టు 90 వేలకు అమ్మింది, సరుకుకు 2 లక్షల 60 వేలు ఖర్చు పెట్టింది. బ్యాంకు పుస్తకం చూస్తే గుండె జారుతుంది. కానీ ఆ ఖర్చులో ఎక్కువ భాగం పోయిన డబ్బు కాదు, జాడీల్లోకి మారిన డబ్బు. మేలో కలిపిన ఆవకాయ మరుసటి మార్చి దాకా అమ్ముడవుతుంది. కాబట్టి మే నెలకు రాయాల్సిన ఖర్చు ఆ నెలలో అమ్ముడైన సరుకుకు అయినదే. అది 38 వేలు అనుకుంటే, మిగిలింది 52 వేలు. జీతాలూ అద్దే పోను 4 వేలు. గొప్పగా లేదు, అలాగని గండమూ కాదు. మిగతా ఖర్చంతా ఏ నెలలో జాడీ ఖాళీ అయితే ఆ నెలకు చెందుతుంది. దీనికి పెద్ద అకౌంటెన్సీ అక్కర్లేదు. ఏప్రిల్ 1న ఒకసారి, మార్చి 31న ఒకసారి జాడీలు తూచి, కిలోకు ఎంత పడిందో ఆ ధరతో విలువ కట్టి రాసుకుంటే చాలు. అమ్మే ధరతో కట్టకూడదు, అలా కడితే ఇంకా రాని లాభాన్ని ముందే తినేసినట్టు అవుతుంది.

ఇక జనవరి. అమ్మకం 3 లక్షల 10 వేలు, ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువ. సరుకు, గ్యాసు, ప్యాకింగ్ లక్షా 60 వేలు. రాత్రిళ్లు పనిచేసిన మనుషులకు అదనపు కూలి 38 వేలు. పార్సిళ్లలో విరిగినవాటికి, ఆలస్యమైనవాటికి మళ్లీ చేసి పంపిన ఖర్చు 17 వేలు. చివరకు చేతిలో మిగిలింది 95 వేలు. పైగా అమ్మకంలో 70 వేలు ఒక్క ఆర్డరుది. ఏదో కంపెనీ తన ఉద్యోగులకు పండగ డబ్బాలు ఇచ్చింది, వచ్చే ఏడాది ఇస్తుందన్న హామీ లేదు.

జులైతో పోల్చండి. అమ్మకం 2 లక్షల 30 వేలే. సరుకు ఖర్చు లక్షా 8 వేలు, అదనపు కూలి 12 వేలు, మిగిలింది లక్షా 10 వేలు. ఎందుకు? గోదావరి జిల్లాల్లో ఆషాఢం సారె ఉంది. మిగతా ప్రాంతాల్లో పెళ్లిళ్లు లేక ఆషాఢం వెలవెలబోతే, ఇక్కడ కొత్తగా పెళ్లయిన అమ్మాయి అత్తవారింటికి పుట్టింటివాళ్లు బుట్టలకొద్దీ పిండివంటలు పంపుతారు. ఆ ఆర్డర్లు వారం పది రోజుల ముందు, అడ్వాన్సుతో, మనిషి స్వయంగా వచ్చి చెప్పి వెళ్లేవి. పార్సిలు లేదు, విరిగేది లేదు, రాత్రి పని తక్కువ. అమ్మకం లెక్కలో జనవరిది మొదటి స్థానం, మిగులు లెక్కలో జులైది.

మరి నిజంగా చెడ్డ నెల ఏది? ఫిబ్రవరి. అమ్మకం లక్షా 5 వేలు ఉన్నా మిగులు 42 వేలే, అంటే జీతాలకూ అద్దెకూ కూడా చాలలేదు. పండగ తర్వాత జనం నోళ్లు అలిసిపోవడం ఒక కారణమే. రెండోది, సంక్రాంతికి తెగిపోతాయనుకుని ఎక్కువగా వండిన అరిసెలు మిగిలి, వాటిని సగం ధరకు వదిలించుకోవడం. కాబట్టి ఫిబ్రవరి నష్టంలో కొంత జనవరి ఖాతాలో రాయాల్సిందే. చెడ్డ నెల కారణం ముందు నెలలో దాక్కుని ఉండటం ఈ వ్యాపారంలో మామూలు.

నెలల్ని పోల్చేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. మన పండగలు ఇంగ్లీషు క్యాలెండర్ మాట వినవు. సంక్రాంతి ఒక్కటే దాదాపు కదలదు. 2025లో దసరా అక్టోబరు 2న, దీపావళి 20న వచ్చాయి. 2026లో దసరా అక్టోబరు 20 ప్రాంతంలో, దీపావళి నవంబరు 8న. కిందటి అక్టోబరు బాగుంది కదా అని ఈ అక్టోబరుకు అదే లక్ష్యం పెట్టుకుంటే, దీపావళి అమ్మకం నవంబరులోకి జారిపోయి అక్టోబరు ఓడినట్టు, నవంబరు గెలిచినట్టు కనిపిస్తుంది. నిజానికి రెండూ జరగలేదు. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం వేరే. ఆ నెల రోజులూ పెళ్లి ఆర్డర్లు ఉండవు, ఆషాఢం కూడా జులై సగం దాటాక మొదలై ఆగస్టులోకి వెళుతుంది. 2025లో జూన్ చివర్లోనే మొదలైంది. అందుకే నెలకు నెలతో కాక పండగకు పండగతో, సారెకు సారెతో పోల్చాలి. ఆర్డర్ల పుస్తకం పక్కన పంచాంగం కూడా ఉండాలి. దీన్ని నమ్మకాల విషయంగా తీసుకోకండి, గిరాకీ తేదీల పట్టికగా చూడండి.

ఇప్పుడు ఏ సరుకు ఉంచాలి, ఏది తీసేయాలి అన్న ప్రశ్న. కిలోకు ఎంత మిగులుతుందో చూసి నిర్ణయించడం అందరూ చేసే పని. మన కొట్లో కిలో కజ్జికాయలకు ఖర్చులు పోను 260 రూపాయలు మిగులుతాయి, అరిసెలకు 230, జంతికలకు 150. ఈ లెక్కన కజ్జికాయలే రాజు. కానీ పండగ రోజుల్లో కొట్టుకు కరువయ్యేది సరుకు కాదు, పొయ్యి ఖాళీగా ఉండటం. ఒక పొయ్యి మీద గంటలో ఎన్ని కిలోలు దిగుతాయో చూడాలి. జంతికలు ఏడు కిలోలు, అంటే గంటకు 1,050 రూపాయలు. అరిసెలు నాలుగు కిలోలు, 920. కజ్జికాయలు ఒక్కొక్కటీ వత్తి, కూరి, అంచు నొక్కాలి కాబట్టి రెండున్నర కిలోలకు మించవు, 650. కిలో లెక్కలో మొదటిది గంట లెక్కలో ఆఖరిది అయింది.

అలాగని కజ్జికాయలు తీసేయమని కాదు. భాద్రపదంలో మహాలయ పక్షం రోజుల్లో పొయ్యి ఎలాగూ సగం పూట ఖాళీ. అప్పుడు గంటకు 650 వచ్చినా లాభమే. పైగా సారె బుట్టలో కజ్జికాయలు లేవంటే ఆ తల్లిదండ్రులు మొత్తం ఆర్డరును పక్క కొట్టుకు పట్టుకుపోతారు. కాబట్టి సంక్రాంతి పది రోజులూ చిల్లరగా అమ్మడం ఆపి, అడ్వాన్సు ఇచ్చినవారికే, కిలోకు 80 రూపాయలు పెంచి చేయడం నాకు సబబుగా తోస్తుంది.

తీసేయాల్సింది వేరే చోట ఉంది. ఈ కొట్టు కిందటేడు ఆరోగ్యం పేరు చెప్పి మునగాకు పొడి మొదలుపెట్టింది. ఏడాదిలో 52 కిలోలు కొట్టింది, 38 కిలోలు అమ్మింది. మిగిలిన 14 కిలోలు వాసన తగ్గి పారేసింది, కొంత బంధువులకు పంచింది. కిలో 400 చొప్పున వచ్చింది 15,200. కొట్టిన 52 కిలోలకూ సరుకు కిలోకు 220 చొప్పున 11,440. అమ్మిన వాటికి ప్యాకింగ్ 760. మిగిలింది 3,000. దానికి పద్దెనిమిది సార్లు, సారికి గంటన్నర పొయ్యి కేటాయించారు. గంటకు 110 రూపాయలు చిల్లర. చాలామంది ఇక్కడ చేసే పొరపాటు, అమ్ముడైన 38 కిలోల మీదే లాభం చూసుకుని పారేసిన 14 కిలోల్ని మరిచిపోవడం. పారేసినదాన్ని రాసే అలవాటు లేని కొట్లో బలహీనమైన సరుకు ఏళ్ల తరబడి బతికేస్తుంది.

దాన్ని ఆపుదామనుకున్నప్పుడు ఒక వాదన తప్పకుండా వస్తుంది. వెయ్యి లేబుళ్లు అచ్చు వేయించాం, అవి అయ్యేదాకా చేద్దాం అని. లేబుళ్ల డబ్బు పోయింది, పొడి చేసినా చేయకపోయినా తిరిగి రాదు. ఇకపై పెట్టే మునగాకు, పప్పు, గంటలు మాత్రం ఇంకా మన చేతిలో ఉన్నాయి. ఉన్న పొడి అమ్మి, ఎప్పుడూ కొనేవాళ్లు నలుగురైదుగురు ఉంటే ముందుగా చెప్పించుకుని రెండు నెలలకోసారి చేసిస్తే సరిపోతుంది.

లక్ష్యాల దగ్గరికి వస్తే, 'వచ్చే ఏడాది 25 లక్షలు' అని గోడ మీద రాయడం వల్ల రేపు ఉదయం ఏం చేయాలో తెలియదు. ఈ కొట్టు లెక్కలోంచి మూడు పనులు వాటంతట అవే బయటపడుతున్నాయి. మొదటిది సంక్రాంతి హద్దు. పది రోజులు, రెండు పొయ్యిలు, రోజుకు తొమ్మిది గంటలు, మొత్తం 180 పొయ్యి గంటలు. 300 కిలోల అరిసెలకు 75 గంటలు, 490 కిలోల జంతికలకు 70. మిగిలిన 35 గంటల్లో 87 కిలోల కజ్జికాయలు. ఈ అంకె నిండగానే ఆర్డర్లు ఆపేయాలి, ముఖం మొహమాటం లేకుండా. పొడులు పండగ పొయ్యి మీదికి రాకుండా డిసెంబరు 25కే ప్యాకెట్లలో ఉండాలి.

రెండోది భార్యాభర్తల కూలి. ఇప్పటిదాకా చూసిన మిగులులో వాళ్లిద్దరి పనికీ విలువ లేదు. వాళ్ల స్థానంలో మనుషుల్ని పెడితే ఎంత ఇవ్వాలో అంత నెలనెలా వేరే తీసి రాయాలి. అప్పుడు మే నెలలో మిగిలిన 4 వేలూ ఆవిరవుతాయి. కొన్ని సరుకుల ధర ఏళ్లుగా తక్కువలో ఉందని కూడా అప్పుడే తెలుస్తుంది.

మూడోది ఆవకాయ. 600 కిలోలు పెడితే మార్చి 31కి 90 మిగిలాయి. వెంటనే 510 పెడదామనిపిస్తుంది. కానీ పావు కిలో సీసాలు నవంబరుకే అయిపోయాయి, మిగిలినవన్నీ కిలో సీసాలు. అంటే ఆవకాయ ఎక్కువ కాలేదు, సీసా పెద్దదైంది. వచ్చే మే నెలలో 540 కిలోలు పెట్టి, పెద్ద జాడీల్లోనే ఉంచి, సీసాలకు ఎత్తడం నెలకోసారి ఆర్డర్లు చూసి చేస్తే ఇది సర్దుకుంటుంది. కారానికి మిరపకాయలు మాత్రం గుంటూరు యార్డుకు పంట జోరుగా వచ్చే మార్చిలోనే కొనాలి. అందుకే ఈ లెక్క చూసుకోవడం మార్చి ఆఖరు దాకా ఆగకుండా, ఆవకాయ భాగం వరకైనా ఫిబ్రవరిలోనే ముగించాలి. ఎలాగూ ఫిబ్రవరిలో పొయ్యి ఖాళీయే.