ఉగ్రుడా, లక్ష్మీసమేతుడా? హంపి నరసింహుణ్ని చదవడం ఎలా

హంపిలో 6.7 మీటర్ల ఎత్తున్న ఏకశిలా నరసింహ విగ్రహాన్ని చాలామంది ఉగ్ర నరసింహుడు అంటారు. గుడ్లు బయటికి ఉబికిన కళ్లు, విశాలంగా తెరుచుకున్న నోరు, కోరలు చూస్తే ఆ పేరు సహజమే అనిపిస్తుంది. కానీ శిల్పి అక్కడ మలిచింది లక్ష్మీనరసింహుణ్ని. శ్రీకృష్ణదేవరాయల కాలంలో, 1528లో వెలసిన ఈ మూర్తి తొడపై అప్పట్లో లక్ష్మీదేవి ఉండేది. విగ్రహం దెబ్బతిన్నాక ఆమె రూపం పోయింది, చూసేవాళ్లకు స్వామి ముఖం ఒక్కటే మిగిలింది. ముఖాన్ని ముందు చదివితే ఎందుకు పొరబడతామో నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

దేవతామూర్తిని చదవడం కింది నుంచి మొదలుపెట్టాలి. ముందుగా చూడాల్సింది భంగిమ. నిలబడితే స్థానకం, కూర్చుంటే ఆసీనం, పడుకుంటే శయనం. నరసింహుడి విషయంలో ఈ భంగిమే కథలో ఏ ఘట్టమో చెబుతుంది. తొడల మీద హిరణ్యకశిపుణ్ని అడ్డంగా పడేసి పొట్ట చీలుస్తూ ఉంటే అది విదారణ మూర్తి. కాళ్లు ముడిచి, మోకాళ్ల చుట్టూ యోగపట్టం అనే పట్టీ బిగించుకుని కూర్చుంటే యోగ నరసింహుడు. తొడ మీద దేవి ఉంటే లక్ష్మీనరసింహుడు. మన అహోబిలంలోని నవనరసింహ క్షేత్రాల్లో జ్వాలా నరసింహుడు మొదటి రకానికి, యోగానందుడు రెండో రకానికి, మాలోలుడు మూడో రకానికి ఉదాహరణలు.

తర్వాత చేతులు చూడాలి. అరచెయ్యి మనవైపు తిరిగి వేళ్లు పైకి ఉంటే అభయం, అంటే భయపడవద్దని. అదే అరచెయ్యి వేళ్లు కిందికి ఉంటే వరదం, అంటే కోరింది ఇస్తానని. తిరుమల శ్రీవారి కింది కుడిచెయ్యి వరదహస్తం, ఎడమచెయ్యి నడుము దిగువన ఆనించిన కటిహస్తం. పై చేతుల్లో చక్రం, శంఖం ఉంటాయి. ఇక్కడ కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచు ఒకచోట తప్పుతారు. కుడి, ఎడమలు మనవి కావు, మూర్తివి. మనకు ఎడమవైపు కనిపించేది స్వామి కుడిచెయ్యి. శంఖచక్రాలు ఏ చేతిలో ఉన్నాయన్నది విష్ణుమూర్తి రూపభేదాలను తేల్చే గుర్తు కాబట్టి, ఈ లెక్క తారుమారైతే మూర్తి పేరే మారిపోతుంది.

ఇప్పుడు హంపి మూర్తి దగ్గరికి వెళ్దాం. స్వామి ఆదిశేషుడి చుట్టల మీద కూర్చున్నాడు, తలపైన ఏడు పడగలున్నాయి. శేషుడు విష్ణువు ఆసనం కాబట్టి ఎవరి మూర్తి అన్న సందేహం లేదు. ఒడిలో హిరణ్యకశిపుడు లేడు, చీల్చే చేతులూ లేవు. కనుక విదారణ మూర్తి అనడానికి ఆధారం కనబడదు. ఇక స్వామి వీపు మీద ఒక చిన్న చెయ్యి ఆని ఉంది. ఆయన చేతులతో పోలిస్తే అది మరీ చిన్నది, పైగా ఆ చోట ఆయన చెయ్యి ఆనే వీలు లేదు. పక్కన కూర్చుని ఆయన్ని చుట్టుకున్న మరొకరిది అది. లక్ష్మీదేవి ఉండేదనడానికి ఆ చెయ్యే సాక్ష్యం.

మరి మోకాళ్ల మీదుగా కనిపించే పట్టీ సంగతేమిటి? దాన్ని చూసి యోగ నరసింహుడు అనేవాళ్లూ ఉన్నారు. అయితే ఈ విగ్రహం మోకాళ్లు తర్వాతి కాలంలో బాగుచేసినవి. మరమ్మతు జరిగిన భాగాన్ని అసలు శిల్పంతో సమానంగా నమ్మడానికి లేదు. రాతి రంగులో తేడా, అతుకు గీత, చెక్కడంలో నునుపు మారడం లాంటివి కనిపిస్తే ఆ భాగాన్ని పక్కన పెట్టి మిగతా లక్షణాలతో తేల్చుకోవాలి.

చివరికి ముఖం. ఉబికిన కళ్లు, కోరలు సింహముఖానికి సహజమైనవి. దేవితో కూర్చున్న శాంత మూర్తులకూ అవి ఉంటాయి. కాబట్టి ముఖం చూసి ఆయన నరసింహుడని చెప్పవచ్చు గానీ, ఏ నరసింహుడో చెప్పలేం.

విరిగిన విగ్రహం గురించి రాసేటప్పుడు పేజీని రెండుగా విడదీయండి. ఒకవైపు కంటికి కనిపించింది, మరోవైపు దాన్నిబట్టి ఊహించింది. శేషుడు, ఏడు పడగలు, వీపు మీది చెయ్యి మొదటి వైపుకు వస్తాయి. తొడ మీద లక్ష్మి, విరిగిపోయిన చేతుల్లో ఉండాల్సిన శంఖచక్రాలు రెండో వైపుకు చెందుతాయి. ఆ ఊహ ఎంత బలమైనదైనా, దాన్ని మొదటి వైపు రాయకూడదు.